పోగైన తరుగుదల, పుస్తక విలువ: తరచుగా అడిగే ప్రశ్నలు

పలాస, కాశీబుగ్గల్లోని చిన్న జీడిపప్పు యూనిట్ల లెక్కలు రాస్తూ, సాయంత్రం పూట బీకాం పిల్లలకు అకౌంట్స్ చెబుతుంటాను. మార్చి నెలాఖరు వచ్చిందంటే ఫోన్లో అడిగేవాళ్ళైనా, క్లాసులో చెయ్యెత్తేవాళ్ళైనా ఇవే సందేహాలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. దేనికది అర్థమయ్యేలా లెక్క మళ్ళీ మళ్ళీ చెప్పాను.

ఉదాహరణ అంతటా ఒక్కటే: జీడి పిక్కలను ఆవిరి పట్టే బాయిలర్. మొత్తం ఖర్చు 8,00,000 రూపాయలు, ఏడాదికి తరుగుదల 76,000.

## మొదట్లో వచ్చే సందేహాలు

మాస్టారూ, తరుగుదల, పోగైన తరుగుదల రెండూ ఒకటే కదా?

కాదు. తరుగుదల ఈ ఒక్క ఏడాది ఖర్చు. పోగైన తరుగుదల ఆ వస్తువు కొన్న రోజు నుంచి ఇవాళ్టి వరకు అలా రాసిన ఖర్చులన్నిటి మొత్తం.

బాయిలర్‌కు ఏడాదికి 76,000 చొప్పున రాస్తున్నాం అనుకోండి. నాలుగో ఏడాది లాభనష్టాల ఖాతాలోకి వెళ్ళేది 76,000 మాత్రమే. బ్యాలెన్స్ షీట్‌లో కనిపించేది నాలుగేళ్ళ మొత్తం, 3,04,000. మొదటిది మార్చి 31తో మూసుకుపోయి ఏప్రిల్ 1న మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. రెండోది మూసుకోదు, వచ్చే ఏడాదికి నిల్వగా నడిచి వస్తుంది.

కాంట్రా ఖాతా అంటే ఏమిటి? ఆస్తి కాదు, అప్పు కాదు, మరి ఏమిటది?

పిక్కల లారీ వేబ్రిడ్జి ఎక్కినప్పుడు ఇచ్చే చీటీ చూసే ఉంటారు. దాని మీద మూడు అంకెలు ఉంటాయి: సరుకుతో లారీ తూకం, ఖాళీ లారీ తూకం, రెంటికీ తేడాగా వచ్చే సరుకు తూకం. ఖాళీ లారీ తూకం వేరే సరుకు కాదు, ఎవరికో ఇవ్వాల్సిన బాకీ కూడా కాదు. మొదటి అంకెలోంచి తీసివేయడానికే అది అక్కడ ఉంది.

పోగైన తరుగుదల కూడా అలాంటిదే. బాయిలర్ ఖాతా ఆస్తి కాబట్టి దాని నిల్వ డెబిట్. దాని పక్కనే తిరిగే ఈ ఖాతాకు నిల్వ క్రెడిట్. ఒక ఖాతాకు జతగా ఉండి, దానికి ఎదురు నిల్వ చూపిస్తూ, దాని విలువను తగ్గించేదే కాంట్రా ఖాతా. విడిగా చూస్తే దానికి అర్థం లేదు. బాయిలర్‌తో కలిపి చూస్తేనే ఉంటుంది.

నేరుగా బాయిలర్ ఖాతాలోంచే తగ్గించేస్తే సరిపోతుంది కదా, ఈ రెండో ఖాతా ఎందుకు?

నేరుగా తగ్గించినా చివరి అంకె అదే వస్తుంది. ఇంటర్‌లో నేర్పే రెండు పద్ధతుల్లో అదీ ఒకటే, తప్పు కాదు. కానీ ఒక సమాచారం పోతుంది.

కాశీబుగ్గలో రెండు యూనిట్లు ఉన్నాయి అనుకుందాం. రెండింటి పుస్తకాల్లోనూ బాయిలర్ విలువ 4,96,000 అనే ఉంది. మొదటి యూనిట్ దాన్ని 8,00,000 పెట్టి కొని నాలుగేళ్ళుగా వాడుతోంది. రెండోది 5,10,000 పెట్టి చిన్న బాయిలర్ కొని కొన్ని నెలలే అయింది. ఒక్క అంకె చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఖర్చు, పోగైన తరుగుదల విడివిడిగా ఉంటే మాత్రం మొదటిది పెద్దది, పాతది అని, రెండోది చిన్నది, కొత్తది అని చూడగానే తెలుస్తుంది. మొదటి యూనిట్‌కు మరమ్మతులు పెరుగుతాయనీ, కొన్నేళ్ళలో మళ్ళీ పెద్ద మొత్తం కావాలనీ అప్పు ఇచ్చేవాడు ముందే లెక్క వేసుకోగలడు. కొన్న ఖర్చును చెరిపేయకుండా ఉంచడమే ఈ ఖాతా చేసే పని.

పోగైన తరుగుదల 3,04,000 ఉందంటే, కొత్త బాయిలర్ కోసం అంత డబ్బు దాచినట్టేనా?

కాదు, ఒక్క రూపాయి కూడా దాచినట్టు కాదు. సావుకార్లలో చాలామంది అనుకునేది ఇదే, అందుకే గట్టిగా చెబుతున్నాను.

డబ్బు బాయిలర్ కొన్న రోజే బయటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఏటా రాసే తరుగుదల పద్దులో నగదు గానీ బ్యాంకు గానీ ఎక్కడా రాదు. పాత బుక్‌కీపింగ్ పుస్తకాల్లో ఈ ఖాతాను ‘తరుగుదల ఏర్పాటు ఖాతా’ అని రాసేవారు. ‘ఏర్పాటు’ అనే మాట వినగానే డబ్బు పక్కన పెట్టారు అనిపిస్తుంది. నిజంగా డబ్బు దాచాలంటే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. దానికి వేరే పద్దు, వేరే ఖాతా ఉంటాయి.

## పద్దు రాసేటప్పుడు

ఏడాదికి 76,000 ఎలా వచ్చింది?

బాయిలర్ ధర 7,60,000. లారీ కిరాయి, దించి బిగించడం, ట్రయల్ రన్ కలిపి 40,000. పనికి సిద్ధం చేసేవరకు అయిన ఖర్చంతా ఆస్తి విలువలోకే వస్తుంది కాబట్టి మొత్తం 8,00,000. పదేళ్ళు పనిచేస్తుందని, ఆ తరువాత తుక్కుగా అమ్మితే 40,000 వస్తుందని అంచనా. 8,00,000లో 40,000 తీసేస్తే 7,60,000. దాన్ని పదికి పంచితే 76,000. ఇది స్థిర వాయిదాల పద్ధతి.

జీఎస్టీ విషయంలో ఒక జాగ్రత్త. బాయిలర్ మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటే, ఆ మొత్తాన్ని ఆస్తి ఖర్చులో కలిపి దాని మీద తరుగుదల కూడా రాయకూడదు. రెంటిలో ఒకటే.

పద్దు ఏమిటి? ఏది డెబిట్, ఏది క్రెడిట్?

మార్చి 31న రెండు పద్దులు రాయాలి.

```
తరుగుదల ఖాతా                       డెబిట్   76,000
   పోగైన తరుగుదల (బాయిలర్) ఖాతా    క్రెడిట్  76,000

లాభనష్టాల ఖాతా                     డెబిట్   76,000
   తరుగుదల ఖాతా                    క్రెడిట్  76,000
```

బాయిలర్ ఖాతాను ముట్టుకోలేదని గమనించండి. మొదటి ఏడాదైనా తొమ్మిదో ఏడాదైనా ఆవర్జాలో బాయిలర్ 8,00,000 గానే ఉంటుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. ఒక ఏడాది పాత గుమాస్తా బాయిలర్ ఖాతాలోంచి నేరుగా తగ్గిస్తాడు. మరుసటి ఏడాది కొత్తగా వచ్చినవాడు పోగైన తరుగుదల ఖాతా తెరిచి, పాత సంవత్సరాలవి కూడా కలిపి ఒకేసారి అందులో వేస్తాడు. అప్పుడు ఒకే తరుగుదల రెండుసార్లు తగ్గిపోతుంది. పట్టుకోవడం సులువే: ఆవర్జాలో బాయిలర్ నిల్వను కొన్నప్పటి బిల్లులతో పోల్చండి. 8,00,000 ఉండాల్సిన చోట 7,24,000 ఉంటే, తేడా సరిగ్గా ఒక ఏడాది తరుగుదల.

అక్టోబర్‌లో కొన్న యంత్రానికి మొత్తం ఏడాది తరుగుదల రాయాలా?

అక్కర్లేదు. వాడకానికి సిద్ధమైన రోజు నుంచి మార్చి 31 వరకు లెక్క కట్టండి. అక్టోబర్ 1న సిద్ధమైతే ఆరు నెలలు, అంటే 76,000లో సగం, 38,000.

టాలీలో దీన్ని కాంట్రా వోచర్‌లో వేయాలా?

వేయకూడదు. పేరు ఒకటే గానీ పని వేరు. టాలీలో `F4` నొక్కితే వచ్చే `Contra` వోచర్ నగదు, బ్యాంకు మధ్య మార్పులకు: బ్యాంకులో డబ్బు వేయడం, తీయడం, ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు పంపడం. నగదు పుస్తకంలో ‘సి’ అని రాసే కాంట్రా పద్దు అదే. తరుగుదలలో నగదు లేదు కాబట్టి `F7` నొక్కి `Journal` వోచర్‌లో వేయాలి.

అంతకన్నా ముఖ్యమైనది లెడ్జర్‌ను ఏ గ్రూపులో తెరిచారన్నది. తరుగుదల లెడ్జర్ `Indirect Expenses` కింద, పోగైన తరుగుదల లెడ్జర్ `Fixed Assets` కింద ఉండాలి. అలా పెడితే బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపే మైనస్ గుర్తుతో వచ్చి, మొత్తం దానంతటదే తగ్గుతుంది. `Provisions` అనే గ్రూపు పేరు చూసి ‘ఏర్పాటు కదా’ అని అందులో తెరిచారంటే, అది అప్పుల వైపుకు వెళ్ళిపోతుంది.

## బ్యాలెన్స్ షీట్‌లో చూపేటప్పుడు

బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడ, ఎలా చూపాలి?

ఆస్తుల వైపు, ఆ ఆస్తి కిందనే, తీసివేతగా చూపాలి. 2021 ఏప్రిల్ 1న కొన్న బాయిలర్ 2025 మార్చి 31న ఇలా కనిపిస్తుంది:

```
బాయిలర్ (కొన్న ఖర్చు)              8,00,000
తీసివేత: పోగైన తరుగుదల            3,04,000
                                  ---------
పుస్తక విలువ                       4,96,000
```

లోపలి గడిలో మొదటి రెండు అంకెలు, బయటి గడిలో 4,96,000 రాయండి. ఆస్తుల మొత్తంలో కలిసేది బయటి గడి అంకె ఒక్కటే. యంత్రాలు చాలా ఉంటే బాయిలర్, బోర్మా, కటింగ్ యంత్రాలు అని విడివిడిగా పట్టిక వేసి, మొత్తాన్ని మాత్రం బ్యాలెన్స్ షీట్‌లోకి తేవచ్చు.

మా అంకణాలో పోగైన తరుగుదల క్రెడిట్ వైపు ఉంది. క్రెడిట్ నిల్వలు అప్పుల వైపే కదా రావాలి?

క్రెడిట్ నిల్వ ఉన్నదల్లా అప్పు అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. అప్పు అంటే ఎవరో ఒకరికి తీర్చాల్సింది. పోగైన తరుగుదల ఎవరికి తీర్చాలి? ఎవరికీ కాదు. అంకణాలో క్రెడిట్ వైపు ఉండడం సరైనదే. బ్యాలెన్స్ షీట్‌కు వచ్చేసరికి అది తన జత ఆస్తి దగ్గరికి వెళ్ళి తీసివేతగా నిలబడాలి.

అప్పుల వైపు చూపించినా రెండు వైపులా టాలీ అయిందే, మరి తప్పేమిటి?

టాలీ అవుతుంది కాబట్టే ఈ తప్పు ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడదు. ఆస్తుల వైపు 4,96,000 బదులు 8,00,000 ఉంటుంది, అప్పుల వైపు 3,04,000 అదనంగా ఉంటుంది. రెండు వైపులా సమానంగా ఉబ్బాయి కాబట్టి మొత్తాలు కలుస్తాయి.

నష్టం ఎక్కడ జరుగుతుందో చూడండి. నేను లెక్కలు రాసే ఒక యూనిట్‌కు పిక్కలు కొనడానికి బ్యాంకు వర్కింగ్ క్యాపిటల్ కావలసి వచ్చింది. చర ఆస్తులు 12,00,000, స్వల్పకాలిక అప్పులు 8,00,000. కరెంట్ రేషియో 1.5. చాలా బ్యాంకులు కనీసం 1.33 ఉండాలని చూస్తాయి కాబట్టి ఇది నెగ్గాల్సిన ఫైలే. కానీ ఫైలు వెనక్కి వచ్చింది. బ్యాంకువాళ్ళు వేసుకున్న రేషియో 1.09. కాగితాలు ముందేసుకుని కూర్చుంటే తెలిసింది, పోగైన తరుగుదల 3,04,000 ఏర్పాట్ల కింద చేరి స్వల్పకాలిక అప్పుల్లో కలిసింది. 12,00,000ను 11,04,000తో భాగిస్తే వచ్చేది 1.09. లెడ్జర్ గ్రూపు మార్చి బ్యాలెన్స్ షీట్ మళ్ళీ తీసి ఇచ్చాం. లాభంలో ఒక్క రూపాయి తేడా రాలేదు, రేషియో మాత్రం 1.5 అయింది. ఈలోపల పిక్కల సీజన్‌లో రెండు వారాలు పోయాయి, సావుకారు పడ్డ టెన్షన్ నాకు తెలుసు.

మీ పుస్తకాల్లో ఈ తప్పు ఉందో లేదో తెలుసుకోవాలంటే, అప్పుల వైపు ఉన్న ప్రతి పేరు దగ్గర ఆగి ‘ఇది ఎవరికి ఇవ్వాలి?’ అని అడగండి. మూలధనం అయితే యజమానికి, బ్యాంకు అప్పు అయితే బ్యాంకుకు, పిక్కల బాకీ అయితే వ్యాపారికి. జవాబు లేని పేరు కనిపిస్తే అక్కడ ఆగి చూడండి.

కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో తీసివేత కనిపించదేం? ఒకటే అంకె ఉంటుంది.

2013 కంపెనీల చట్టం మూడో షెడ్యూల్ ప్రకారం బ్యాలెన్స్ షీట్ పేజీ మీద నికర అంకె ఒక్కటే ఉంటుంది. వివరం దానికి జతచేసిన నోట్‌లో ఉంటుంది. ఆ నోట్‌లో ఒక్కో రకం ఆస్తికి ఏడాది మొదట్లో ఎంత ఖర్చు, ఈ ఏడాది ఎంత కొన్నారు, ఎంత తీసేశారు, చివరికి ఎంత. పోగైన తరుగుదల కూడా అదే వరుసలో. చివరన నికర విలువ. కాబట్టి పేజీ మీద లేదంటే ఖాతా లేదని కాదు, నోట్ నంబర్ చూసి వెనక్కి తిప్పండి.

పుస్తక విలువ 4,96,000 ఉంటే, బాయిలర్ అమ్మితే అంతే వస్తుందా?

రావచ్చు, రాకపోవచ్చు. పుస్తక విలువ బజారు ధర కాదు. పెట్టిన ఖర్చులో ఇంకా ఖర్చుగా రాయకుండా మిగిలిన భాగం, అంతే. పదేళ్ళ అంచనా మనది, 40,000 తుక్కు విలువ అంచనా కూడా మనదే. ఆ అంచనాలను కొనేవాడు చూడడు. వాడు చూసేది ట్యూబులు ఎలా ఉన్నాయి, తుప్పు ఎంత పట్టింది అన్నవి. యూనిట్‌ను బేరం పెట్టేటప్పుడు పుస్తక విలువే ధర అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, మీరు కొనేవాళ్ళైనా అమ్మేవాళ్ళైనా.

స్థలానికి కూడా పోగైన తరుగుదల ఖాతా తెరవాలా?

వద్దు. స్థలం వాడకంతో అరిగిపోదు కాబట్టి తరుగుదల రాయరు. కానీ షెడ్డుకు రాయాలి. స్థలం, షెడ్డు కలిపి ఒకే మొత్తానికి కొంటే ముందు విలువను రెండుగా విడదీసుకోండి.

## ఆడిటర్ దగ్గరికి వెళ్ళినప్పుడు

ఆడిటర్ ఇన్‌కంటాక్స్ లెక్కలో బాయిలర్ విలువ వేరే ఉంది. మా పుస్తకాలు తప్పా?

తప్పు కాకపోవచ్చు, అవి రెండు వేరు లెక్కలు. ఇన్‌కంటాక్స్‌లో మామూలు యంత్రాలకు 15 శాతం, అదీ తగ్గుతున్న నిల్వ మీద. 8,00,000 మీద మొదటి ఏడాది 1,20,000, రెండో ఏడాది మిగిలిన 6,80,000 మీద 1,02,000, మూడో ఏడాది 86,700, నాలుగో ఏడాది 73,695. నాలుగేళ్ళకు మిగిలేది 4,17,605. స్థిర వాయిదాల పద్ధతిలో పుస్తకాల్లో మిగిలేది 4,96,000. రెండూ వాటి వాటి చోట సరైనవే.

టాక్స్ లెక్కలో ఒకే రేటు ఉన్న యంత్రాలన్నీ ఒక బ్లాకుగా కలిసిపోతాయి, ఒక్కో యంత్రానికి పోగైన తరుగుదల అంటూ ఉండదు. ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడిన కొత్త యంత్రానికి సగం రేటే. సొంత వ్యాపారాల్లో చాలామంది పుస్తకాల్లో కూడా టాక్స్ రేట్లే వాడేస్తారు. అలా చేస్తే ఏటా అలాగే చేయండి. కంపెనీ అయితే పుస్తకాల్లో కంపెనీల చట్టం రెండో షెడ్యూల్‌లోని ఆయుర్దాయాలు చూడాలి. అక్కడ తుక్కు విలువ మామూలుగా ఖర్చులో 5 శాతం దాటకూడదు. 8,00,000కు 40,000 సరిగ్గా 5 శాతమే.

పదేళ్ళు నిండాయి, బాయిలర్ ఇంకా నడుస్తోంది. రెండు ఖాతాలూ మూసేయాలా?

మూయకండి. పదేళ్ళకు ఖర్చు 8,00,000, పోగైన తరుగుదల 7,60,000, పుస్తక విలువ 40,000. అక్కడితో తరుగుదల రాయడం ఆపండి. బాయిలర్ షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఈ రెండు అంకెలూ పుస్తకంలో ఉండాలి. వాటిని చెరిపేస్తే, యూనిట్‌లో పదేళ్ళు దాటిన యంత్రం పనిచేస్తోందన్న సంగతి పుస్తకాల్లో కనిపించకుండా పోతుంది.

## ఆస్తి అమ్మినప్పుడు, పోయినప్పుడు

అయిదేళ్ళకే బాయిలర్ 3,50,000కు అమ్మేశాం. పద్దు ఎలా?

అమ్మిన రోజు వరకు తరుగుదల ముందు రాయండి. ఈ మెట్టు చాలామంది మరిచిపోతారు. అయిదేళ్ళు నిండితే పోగైన తరుగుదల 3,80,000, పుస్తక విలువ 4,20,000. వచ్చింది 3,50,000 కాబట్టి నష్టం 70,000.

```
బ్యాంకు ఖాతా                       డెబిట్   3,50,000
పోగైన తరుగుదల (బాయిలర్) ఖాతా       డెబిట్   3,80,000
ఆస్తి అమ్మకంపై నష్టం ఖాతా           డెబిట్     70,000
   బాయిలర్ ఖాతా                    క్రెడిట్  8,00,000
```

అయిదేళ్ళుగా క్రెడిట్ వైపే పెరుగుతూ వచ్చిన పోగైన తరుగుదల ఇప్పుడు మొదటిసారి డెబిట్ అయింది. వస్తువు వెళ్ళిపోతే దాని జత ఖాతా కూడా వెళ్ళిపోవాలి. 3,50,000ను బాయిలర్ ఖాతాకు క్రెడిట్ చేసి వదిలేసేవాళ్ళున్నారు. అలా చేస్తే లేని బాయిలర్ మీద 4,50,000, దాని కింద 3,80,000 తరుగుదల పుస్తకంలో మిగిలిపోతాయి. నికరంగా 70,000 మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఏటా ఒకసారి పుస్తకంలోని యంత్రాల పట్టిక పట్టుకుని షెడ్డులో తిరిగితే ఇలాంటివి బయటపడతాయి.

తుఫానులో షెడ్డు పోయింది. పోగైన తరుగుదల ఏమవుతుంది?

2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఈ ప్రశ్న చాలామందికి వచ్చింది. సమాధానం అమ్మకంలాగే ఉంటుంది, కొన్నవాడి చోట బీమా కంపెనీ ఉంటుంది.

షెడ్డు ఖర్చు 5,00,000, కూలిన రోజు వరకు పోగైన తరుగుదల 2,00,000 అనుకుందాం. పోయిన పుస్తక విలువ 3,00,000. బీమా కంపెనీ 2,10,000కు క్లెయిమ్ ఒప్పుకుంది. పోగైన తరుగుదల 2,00,000 డెబిట్, బీమా క్లెయిమ్ 2,10,000 డెబిట్, తుఫాను నష్టం 90,000 డెబిట్, షెడ్డు 5,00,000 క్రెడిట్.

బీమా వాళ్ళు 5,00,000 ఇవ్వలేదేమని కొట్లాడే ముందు పాలసీ చదవండి. మార్కెట్ విలువ మీద తీసుకున్న పాలసీలో వాళ్ళ సర్వేయర్ తన సొంత లెక్కతో తరుగు కోస్తాడు, దానికి మన పుస్తకంలోని పోగైన తరుగుదలతో సంబంధం లేదు. కొత్తది కట్టుకునే ఖర్చు మీద తీసుకున్న పాలసీ అయితే, మళ్ళీ కట్టిన తరువాత తరుగు కోయకుండా ఇస్తారు, అదీ బీమా చేసిన మొత్తం వరకే. అలా వచ్చిన సొమ్ము పుస్తక విలువ కన్నా ఎక్కువైతే ఆ తేడాను లాభంగా రాయాలి. కొత్త షెడ్డును దాని పూర్తి ఖర్చుతో వేరే ఆస్తిగా ఎక్కించి, దానికి పోగైన తరుగుదల ఖాతాను సున్నా నుంచి తెరవండి.